ఎక్స్‌పెల్లర్‌ను ఎప్పుడు విప్పాలి? ఒక నూనె మిల్లు లెక్కల డైరీ

నవంబర్, మొదటి వారం

అనంతపురం శివార్లలోని వేరుశనగ నూనె మిల్లు. నూనె పిండే మిషను, ఎక్స్‌పెల్లర్, ఒక్కటే ఉంది, రోజుకు 8 టన్నుల పప్పు ఆడుతుంది. నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. రోజూ దిగే నూనె స్టాండర్డ్ కంటే ఎంత తగ్గితే మిషను ఆపి చూడాలో, ఎంతవరకు వదిలేయొచ్చో చెప్పే రూలు ఒకటి రాసివ్వాలి.

ఇప్పటికే ఒక రూలు ఉంది. స్టాండర్డ్ 100 కిలోల పప్పుకు 41 కిలోల నూనె. అందులో 2 శాతం తగ్గితే, అంటే దిగుబడి 40.2 కిందికి పడితే, ఎక్స్‌పెల్లర్ విప్పాలి. ఈ 2 శాతం ఎక్కడిదని గుమాస్తాను అడిగితే, "ముందున్న అకౌంటెంటు పెట్టినాడు సార్, అట్లే నడుస్తాంది" అన్నాడు. చాలా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఈ శాతాలు ఇలాగే పుడతాయి. ఎవరో ఒకరు గుండ్రటి అంకె చూసి పెడతారు, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.

మేస్త్రి బాధ వేరు. "వారానికోసారి ఇప్పుతాండాం సార్. లోపల చూస్తే అంతా బాగానే ఉంటాది. మళ్లీ బిగించి వేడెక్కించేసరికి మధ్యాహ్నం దాటిపోతాది." యజమాని మాత్రం ఇంకా గట్టిగా చూడాలంటాడు. పోయినేడాది ఎక్స్‌పెల్లర్ లోపల తిరుగుతూ పప్పును నొక్కే వార్మ్ అరిగిపోయినా చాలా రోజులు ఎవరూ గమనించలేదు, నూనెంతా పిండగా మిగిలే చెక్కలో పోయింది. ఇద్దరి మాటా నిజమే. ఒకరు ఉత్తి పుణ్యానికి విప్పడంలో పోయే డబ్బు గురించి చెబుతున్నారు, మరొకరు విప్పకపోవడంలో పోయే డబ్బు గురించి. రూలు ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టాలి.

ఖర్చుల షీటులో వేరియన్సులు, అంటే స్టాండర్డ్‌కూ అసలుకూ తేడాలు, ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది వేరుశనగ ధర. దాన్ని ఈ పనిలోకి తీసుకోలేదు. ధర ఎందుకు పెరిగిందో మార్కెట్ యార్డులో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు, తెలుసుకున్నాక మిల్లులో మార్చగలిగేది ఏమీ లేదు. వెతికితే ఏదో ఒకటి సరిచేయగలిగిన చోటే వెతుకులాటకు డబ్బు పెట్టాలి. ఇక్కడ అలాంటిది నూనె దిగుబడి ఒక్కటే.

నవంబర్, రెండో వారం

హద్దులు గీయడానికి ముందు, రోజు అంకె ఎలా పుడుతోందో చూశాను. పప్పు తూకం కాటా దగ్గర రాస్తారు. నూనె తూకం వేయరు, ట్యాంకులో డిప్ కర్ర దించి లెక్క కడతారు. ఆ డిప్ ఒకరోజు పొద్దున ఆరింటికి, ఇంకోరోజు ఎనిమిదింటికి. నూనెను వడకట్టే ఫిల్టర్ ప్రెస్‌లో మిగిలిన నూనె ఒకరోజు దించాక డిప్ తీస్తారు, ఇంకోరోజు దించకముందే.

దీని జాడ అంకెల్లోనే ఉంది. దిగుబడి బాగా తగ్గిన రోజు మర్నాడు దాదాపు ఎప్పుడూ సగటు కంటే ఎక్కువుంది. ఇవాళ ఫిల్టర్ ప్రెస్‌లో ఆగిన నూనె రేపటి ఖాతాలో పడుతోంది. మిషనుకు ఏ రోగమూ లేకుండానే అంకె ఎగిరి దూకుతోంది. పాత రూలు చాలాసార్లు వేటాడింది ఈ ఎగుడుదిగుడునే. మామూలుగా నడిచే రోజుల్లో కూడా ఐదింట ఒక రోజుకు పైగా దిగుబడి 40.2 కిందికి పడుతుండేది. మేస్త్రి లోపల ఏమీ కనబడలేదన్నది ఇందుకే.

కాబట్టి మొదటి మార్పు మిషనులో కాదు, కొలతలో. పొద్దున ఆరింటికి ఫిల్టర్ ప్రెస్ ఖాళీ చేయాలి, నూనె ట్యాంకులోకి దిగాలి, అప్పుడే డిప్. రాత్రి షిఫ్టు మనిషే చేయాలి, కొత్త షిఫ్టు వచ్చేదాకా ఆగకూడదు. హద్దుల లెక్క ఈ పద్ధతి కుదిరాక వచ్చిన అంకెలతోనే మొదలుపెట్టాలని అనుకున్నాను. పాత అంకెలు కలిపితే హద్దులు అనవసరంగా వెడల్పవుతాయి, నిజమైన లోపం వాటి మధ్య దాక్కుంటుంది.

డిసెంబర్, మూడో వారం

కొత్త డిప్ పద్ధతిలో 30 రోజుల అంకెలు చేతికొచ్చాయి. ఈ రోజుల్లో మిషను బాగానే నడిచిందని మేస్త్రి పుస్తకం చెబుతోంది. అదీ ముఖ్యమే. లోపమున్న రోజులు కలిపి హద్దులు గీస్తే, ఆ లోపం కూడా మామూలు కిందే లెక్కకొస్తుంది.

రోజుకు ఒక్క అంకే వస్తుంది కాబట్టి, పక్కపక్క రోజుల తేడాల సగటు మీద ఆధారపడే చార్టు వాడాను. ఇవాళ్టికీ నిన్నటికీ తేడా ఎంతో తీసి, గుర్తు వదిలేసి, ఆ తేడాలన్నిటి సగటు కట్టాలి. ఎక్సెల్‌లో దిగుబడి B కాలమ్‌లో, తేడా C కాలమ్‌లో ఉన్నాయి:

```
C3:  =ABS(B3-B2)
సగటు:  =AVERAGE(B2:B31)
కింది హద్దు:  =AVERAGE(B2:B31)-2.66*AVERAGE(C3:C31)
```

దిగుబడి సగటు 40.6 వచ్చింది. తేడాల సగటు 0.45. దాన్ని ఈ చార్టుకు వాడే స్థిరాంకం 1.128తో భాగిస్తే సిగ్మా 0.4, అంటే మిషను బాగున్నప్పుడు కూడా రోజు అంకె సగటు చుట్టూ మామూలుగా ఊగే మేర. మూడు సిగ్మాల దూరంలో హద్దులు గీస్తే కింద 39.4, పైన 41.8. పై ఫార్ములాలోని 2.66 అంటే 3ను 1.128తో భాగించినదే.

హద్దులు గీసింది 40.6 చుట్టూ, స్టాండర్డ్ అయిన 41 చుట్టూ కాదు. యజమానికి ఇది నచ్చలేదు. "స్టాండర్డ్ 41 అయితే 41 నుంచే కదా కొలవాల?" అని అడిగాడు. 41 మనం కోరుకునేది, 40.6 ఈ మిషను, ఈ పప్పుతో నిజంగా ఇస్తున్నది. ఈ రెంటి మధ్య 0.4 తేడా ప్రతిరోజూ ఉంటుంది. దానికి కారణం కావాలంటే ఒకరోజు మిషను విప్పి చూస్తే దొరకదు, స్టాండర్డ్ ఎవరు ఏ పప్పు మీద పెట్టారో చూడాలి. పప్పులో నూనె ఇక్కడ 45–46 శాతం మధ్య ఉంటోంది. చెక్కలో 8 శాతం మిగిలితే 41 దిగడం కష్టమే. రోజువారీ హద్దు పట్టుకోవాల్సింది వేరే సంగతి: నిన్నటిదాకా నడిచిన తీరు ఇవాళ మారిందా లేదా?

జనవరి, మొదటి వారం

ఈ చార్టు అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924లో మొదలుపెట్టిన పద్ధతికి వారసురాలు. మూడు సిగ్మాలు అనే అంకెను చాలామంది గణితం తేల్చిన సత్యంలా వాడతారు. షూహార్ట్ మాత్రం అది ఖర్చుకు గిట్టుబాటుగా ఉన్నట్టు అనుభవంలో తేలినందుకే ఎంచుకున్నాడు. అలాంటప్పుడు మన మిల్లు ఖర్చులతో అది గిట్టుతుందో లేదో మనమే చూసుకోవాలి.

మూడు సిగ్మాల హద్దు మనకు ఇచ్చేదేమిటంటే, అనవసరంగా విప్పడం దాదాపు ఉండదు. మిషను బాగున్నప్పుడు దిగుబడి 39.4 కిందికి పడడం ఏడెనిమిది వందల రోజులకు ఒకసారి. మేస్త్రికి ఇంతకంటే సంతోషం లేదు. కానీ యజమాని వైపు నుంచి చూడాలి. వార్మ్ అరిగి దిగుబడి ఒక పాయింటు తగ్గిందనుకుందాం, అంటే సగటు 40.6 నుంచి 39.6కు జారింది. అప్పుడు కూడా రోజు అంకె 39.4 దాటి కిందికి వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కంటే కొంచెం తక్కువే. సగటున మూడు రోజులు దాటాకగానీ చార్టు నోరు విప్పదు.

ఆ మూడు రోజుల ఖరీదెంత? ఒక పాయింటు అంటే 8 టన్నుల మీద 80 కిలోల నూనె. అది మాయమవదు, చెక్కలో ఉండిపోతుంది. లెక్కకు నూనె కిలో 150, చెక్క కిలో 40 రూపాయలు పెట్టుకున్నాం. అంటే కిలోకు 110 నష్టం, రోజుకు 8,800.

ఈ 110 దగ్గర కాసేపు వాదన నడిచింది. గుమాస్తా మొత్తం 150 వేయాలన్నాడు. చెక్కతో పాటు ఆ నూనె కూడా అమ్ముడుపోతోంది కాబట్టి వేయకూడదు. నష్టాన్ని పెంచి చూపిస్తే రూలు మిషనును మరీ తొందరగా విప్పమంటుంది.

జనవరి, రెండో వారం

రూపాయల లెక్కకు కావాల్సినవి మూడు అంకెలు.

మొదటిది, విప్పి చూడడానికి అయ్యే ఖర్చు. మేస్త్రి, ఇద్దరు హెల్పర్ల కూలి, మళ్లీ వేడెక్కేదాకా పోయే కట్టెలు, మొదటి గంటల్లో వచ్చే నూనె పోని చెక్కను తిరిగి ఆడించడం, అన్నీ కలిపి 3,000. వీటికంటే పెద్దది, సగం రోజు మిషను ఆగడం వల్ల పోయే మార్జిన్. ఇప్పుడు సీజను, గోడౌను నిండా పప్పు ఉంది, ఆడించిందంతా అమ్ముడవుతోంది. 4 టన్నులు ఆగితే కిలోకు రూపాయిన్నర చొప్పున 6,000. మొత్తం 9,000. లోపల ఏమీ లేకపోయినా ఇది పడాల్సిందే.

రెండోది, లోపం దొరికితే అప్పటికప్పుడు బాగుచేయడానికి అదనంగా పడేది. ఇక్కడ మాట జాగ్రత్తగా వాడాలి. నెలకోసారి అమావాస్య రోజు మిల్లు ఆపి, వార్మ్‌లకు వెల్డింగు పోసి, వాటి చుట్టూ ఉండి సందుల్లోంచి నూనెను వదిలే కేజ్ బార్లు సరిచేస్తారు. ఆ రోజు ఎలాగూ పడే ఖర్చును ఇందులో కలపకూడదు. మధ్యలో చేస్తే వెల్డర్‌ను అర్జెంటుగా పిలిపించడానికి, బండికి, ఇంకా ఆయుష్షు ఉన్న సామాను తీసేయడానికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు 8,000.

మూడోది, చూడకుండా వదిలేస్తే పోయేది. రోజుకు 8,800 సరే, ఎన్ని రోజులు? పాత పుస్తకాల్లో చూస్తే, చార్టు లేకపోయినా మేస్త్రి సగటున ఐదు రోజుల్లో పసిగడుతున్నాడు. చెక్క మందంగా రావడం, చేత్తో విరిస్తే జిడ్డు తగలడం, మోటారు మోత మారడం చూసి. కాబట్టి 44,000.

మిషనులో లోపమున్న అవకాశం p అనుకుందాం. విప్పితే ఎటు తిరిగీ 9,000, లోపముంటే దాని మీద 8,000. విప్పకపోతే లోపమున్నప్పుడు 44,000. రెండూ సమానమయ్యే చోటు:

```
p = 9000 / (44000 - 8000) = 0.25
```

లోపమున్న అవకాశం నాలుగింట ఒక వంతు దాటితే విప్పడం లాభం. యజమాని ఈ ఒక్క అంకెను వెంటనే పట్టుకున్నాడు. "అంటే నాలుగుసార్లు ఇప్పితే మూడుసార్లు ఏం దొరక్కపోయినా నష్టం లేదన్నమాట" అన్నాడు. సరిగ్గా అంతే. మేస్త్రి అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఉత్తినే విప్పడం అతని తప్పు కాదన్న మాట రూలులోనే రాయాలనిపించింది. లేకపోతే మూడోసారి ఖాళీగా కనిపించినప్పుడు ఎవరో ఒకరు అతన్ని నిలదీస్తారు, నాలుగోసారి అతను విప్పడు.

జనవరి, మూడో వారం

ఇప్పుడు దిగుబడి అంకెను అవకాశంగా మార్చాలి. 39.8 వచ్చిందంటే, లోపమున్న అవకాశం ఎంత?

దీనికి ముందు, అంకె చూడకముందే ఎంత అనుమానం ఉందో చెప్పాలి. ఏడాది పుస్తకాలు తిరగేస్తే, ఏ రోజు తీసుకున్నా లోపంతో నడుస్తూ ఉండే అవకాశం పదింట ఒకటి అని తేలింది. తర్వాత 39.8 అనే అంకె రెండు కథల్లో దేనికి ఎక్కువ సరిపోతుందో చూడాలి. మిషను బాగుంటే అది సగటుకు రెండు సిగ్మాల కింద ఉన్న అరుదైన అంకె. లోపముంటే సగటు 39.6కు దగ్గరే, మామూలు అంకె. రెండో కథలో ఆ అంకె రావడానికి మొదటి కథలో కంటే ఆరున్నర రెట్లు ఎక్కువ వీలుంది. B32లో ఆ రోజు దిగుబడి ఉంటే:

```
రెట్లు (D32):  =EXP((80.2-2*B32)/0.32)
అవకాశం (E32):  =D32*0.1/(D32*0.1+0.9)
```

80.2 అంటే 40.6, 39.6 కలిపినది, 0.32 అంటే సిగ్మా వర్గానికి రెట్టింపు. సగటులు, సిగ్మా మారితే ఇవీ మారతాయి. 39.8కి అవకాశం 42 శాతం వచ్చింది. 40.0కి 17 శాతమే. 25 శాతం సరిగ్గా 39.92 దగ్గర తగులుతుంది.

అంటే రూపాయలు ఒప్పుకునే హద్దు 39.92. మూడు సిగ్మాల హద్దు 39.4, పాత 2 శాతం రూలు 40.2, రెంటికీ మధ్యలో పడింది. సిగ్మాల్లో చెబితే సగటుకు 1.7 దూరం. ఈ హద్దుతో మిషను బాగున్నప్పుడు అనవసరంగా విప్పేది ఇరవై రెండు రోజులకు ఒకసారి. లోపం వస్తే మొదటి రోజే దొరికే అవకాశం దాదాపు 80 శాతం.

ఒకరోజు దగ్గరే ఆలోచన ఆపక్కర్లేదు. ఇవాళ 40.0 వచ్చి 17 శాతం అనుమానం మిగిలితే, రేపు లెక్క పదింట ఒకటి నుంచి కాక ఆ 17 నుంచే మొదలవ్వాలి. రేపూ 40.0 వస్తే అనుమానం 28 శాతానికి చేరి గీత దాటుతుంది. ఒంటరిగా వచ్చినప్పుడు వదిలేసిన అంకె, వరసగా రెండుసార్లు వస్తే విప్పమంటుంది. మేస్త్రులు ఎప్పుడూ ఇలాగే ఆలోచిస్తారు, షీటుకు ఇప్పుడు నేర్పాం.

జనవరి చివరి వారం

పై హద్దు 41.8 కూడా ఉందని ఎవరికీ పట్టలేదు. నూనె ఎక్కువొస్తే ఎవరు కంగారు పడతారు? ఒకరోజు 42.1 వచ్చింది. అందరూ సంతోషించారు. కానీ 45–46 శాతం నూనె ఉన్న పప్పు నుంచి 42.1 దిగాలంటే చెక్కలో ఐదారు శాతమే మిగలాలి, ఈ ఎక్స్‌పెల్లర్ అంత పిండలేదు. పప్పు ఇష్యూ పుస్తకం చూస్తే, ముందు రోజు లారీలో మిగిలిన ఆరు బస్తాలు పప్పు వేడిచేసే కెటిల్‌కు నేరుగా పోయాయి, ఎక్కడా రాయలేదు. ఆడింది 8 కాదు, 8.3 టన్నులు. దిగుబడి మామూలే. ఆ అంకెను అలాగే వదిలేసి ఉంటే గోడౌను స్టాకులో 300 కిలోల తేడా ఏడాది చివర్లో తేలేది, అప్పుడు దొంగతనమేమో అని గుమాస్తాను అనుమానించేవాళ్లు. ఈ రకం వెతుకులాటకు పుస్తకం తిప్పే పది నిమిషాలు చాలు. కాబట్టి పై హద్దు దాటితే ఎప్పుడూ చూడాల్సిందే, అవకాశాల లెక్క కూడా అక్కర్లేదు.

ఫిబ్రవరి, మొదటి వారం

ఆ పది నిమిషాల సంగతి నుంచే ఇంకో ఆలోచన వచ్చింది. విప్పడానికి 9,000 అవుతుంది కాబట్టి గీత అంత కింద ఉంది. దానికంటే చవకగా అనుమానం తీర్చుకునే దారి ఉంటే?

ఉంది. చెక్కలో నూనె పరీక్ష. దిగుబడి ఒక పాయింటు తగ్గడానికి కారణం మిషనే అయితే ఆ నూనె చెక్కలో ఉండాలి. మామూలుగా చెక్కలో 8 శాతం ఉండేది తొమ్మిదిన్నర దగ్గరికి చేరాలి. చెక్కలో 8 శాతమే ఉండి దిగుబడి తగ్గిందంటే తప్పు పప్పుదో, తూకానిదో. అప్పుడు ఎక్స్‌పెల్లర్ విప్పి ఏం లాభం? అనంతపురంలో నూనె టెక్నాలజీ చదువు చాలాకాలంగా ఉంది కాబట్టి ఈ పరీక్ష తెలిసినవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు. సాంపిలు, మనిషి రాకపోకలు కలిపి 700. ఫలితం మర్నాటికి వస్తుంది, ఆ ఒక్క రోజు నష్టాన్ని మాత్రం భరించాలి.

ఇప్పుడు దారులు మూడు: వదిలేయడం, చెక్క పరీక్ష చేయించి తేలితే విప్పడం, నేరుగా విప్పడం. ఒక్కోదాని ఖర్చు p తో రాస్తే ఇలా ఉంటుంది:

```
వదిలేస్తే:     44000*p
పరీక్ష:        700 + (8800 + 9000 + 8000)*p
నేరుగా:       9000 + 8000*p
```

అవకాశం దాదాపు 4 శాతం లోపు ఉంటే వదిలేయడం చవక. అక్కడి నుంచి 47 శాతం దాకా పరీక్ష చవక. అది దాటితే మర్నాటిదాకా ఆగడమే దండగ, విప్పేయాలి. దిగుబడిలోకి మార్చి కొద్దిగా గుండ్రం చేశాక గోడ మీద అంటించిన కాగితం ఇది: 40.25 పైన పని చూసుకోండి, 40.25 నుంచి 39.75 దాకా చెక్క పంపండి, 39.75 కింద విప్పండి.

పరీక్ష సరిగ్గా చెప్పాలంటే సాంపిలు సరిగ్గా ఉండాలి. ఒకే చోట దోసెడు తీసి పంపితే ఆ గంట సంగతే తెలుస్తుంది. గంటకో పిడికెడు చొప్పున డబ్బాలో వేసి, షిఫ్టు చివర కలిపి, అందులోంచి పంపాలి. రాత్రి షిఫ్టు వాళ్లు దీన్ని ఒకేసారి నింపేయకుండా చూడడం నేను అనుకున్నదానికంటే కష్టంగా ఉంది. డబ్బాలో పొరలు ఒకే రంగులో కనబడితే మళ్లీ తీయిస్తున్నాను.

ఫిబ్రవరి, రెండో వారం

39.8 నిజంగానే వచ్చింది. పాత రూలు అయితే వెంటనే విప్పేవాళ్లు, మూడు సిగ్మాల చార్టు అయితే వదిలేసేది. కాగితం ప్రకారం చెక్క పంపాం. మర్నాడు 9.4 శాతం. విప్పితే చెక్క బయటికొచ్చే కొసన వార్మ్ అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ పడేది అక్కడే కాబట్టి ముందు అరిగేదీ అక్కడే. రెండు కేజ్ బార్ల మధ్య సందు కూడా పెరిగింది. నూనెతో పాటు పిప్పి ఎక్కువొచ్చి ఫిల్టర్ ప్రెస్ త్వరగా నిండుతోందని రాత్రి షిఫ్టు అతను అంతకుముందే అన్నాడట. ఆ మాటను రాసుకునే గడి పుస్తకంలో లేదు, ఇప్పుడు పెట్టాం. వెల్డింగు అయ్యాక దిగుబడి 40.7.

తర్వాత కొన్నాళ్లకు 39.9. చెక్క 8.1 శాతమే. విప్పలేదు. ఆ రోజు ఆడిన లాట్ చూస్తే ముడుచుకుపోయిన గింజలు ఎక్కువ. వానలు సరిగ్గా పడని పొలాల కాయ అనుకుంటా. గింజ పూర్తిగా నిండకపోతే నూనె తక్కువే ఉంటుంది, ఏ వార్మూ దాన్ని పుట్టించలేదు. 700తో 9,000 మిగిలింది. ఆ లాట్ అమ్మినవాళ్లతో ధర గురించి మాట్లాడాల్సిన సంగతి కొనుగోళ్ల మనిషికి చెప్పాం.

ఈ రెండో సంఘటన లెక్కలోని ఒక బలహీనతను చూపిస్తోంది. దిగుబడి తగ్గడానికి నేను పెట్టుకున్న కథలు రెండే: మిషను బాగుంది, లేదా ఒక పాయింటు తగ్గింది. పప్పు మారడం మూడో కథ. కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు, పాత సరుకు, కొత్త సరుకు కలిసి వస్తుంటే సగటు 40.6 అనేదే నిలకడగా ఉండదు. లాట్ మారినప్పుడల్లా పప్పులో నూనె పరీక్ష చేయించి, దిగుబడిని ఉన్న నూనెలో ఎంత వంతు తీశామన్నట్టుగా కొలిస్తే బాగుంటుంది. యజమాని దానికి ఇంకా ఒప్పుకోలేదు, ఖర్చు ఎక్కువని. ఆ ఖర్చుకూ ఇదే లెక్క కట్టి చూపించాలి.

ఫిబ్రవరి, అమావాస్యకు ముందు

అమావాస్యకు రెండు రోజులుండగా మళ్లీ 39.7. కాగితం విప్పమంటోంది. మేస్త్రి మాత్రం "ఎల్లుండి ఎట్లా ఇప్పుతాం కదా సార్, ఇప్పుడెందుకు?" అన్నాడు. లెక్క కట్టి చూశాను. వదిలేస్తే పోయేది ఐదు రోజుల నష్టం కాదు, రెండు రోజులదే: 17,600. అందులో అర్జెంటు రిపేరు అదనం 8,000 తీస్తే 9,600. విప్పడానికి 9,000. లోపం ఉందని 94 శాతం నమ్మకముంటేగానీ గిట్టదు. ఆ అంకెకు మనకున్న నమ్మకం 58 శాతం. ఆగాం. ఒక్క రోజే మిగిలితే ఎంత నమ్మకమున్నా విప్పడం దండగే.

సీజను అయిపోయాక లెక్క ఇంకో వైపు తిరుగుతుంది. పప్పు తక్కువై మిషను రోజులో కొంత ఖాళీగా ఉంటే, ఆపినందుకు మార్జిను ఏమీ పోదు. ఆగిన పని సాయంత్రం చేసుకోవచ్చు. అప్పుడు విప్పే ఖర్చు 9,000 నుంచి 3,000కు పడిపోతుంది. అవకాశం 8 శాతం దాటితే చాలు, విప్పడం లాభమే. చెక్క పరీక్షను పక్కన పెట్టి చూస్తే, విప్పే గీత 39.92 నుంచి 40.13కి పైకి జరుగుతుంది. రోజుకు ఆడేది తగ్గితే రోజు నష్టం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ అంకె కూడా అప్పటి టన్నులతో మళ్లీ కట్టాలి. గోడ మీది కాగితాన్ని ఏడాదంతా ఒకటే ఉంచడం కుదరదని యజమానికి చెప్పాను. సీజనుకొకటి, సీజను కాని రోజులకొకటి, రెంటిలోనూ అమావాస్యకు మూడు రోజుల ముందు నుంచి వేరే గీత.

పదింట ఒకటి అన్న మొదటి అనుమానం పాత పుస్తకాల నుంచి వచ్చింది. ఆ పుస్తకాల్లో మిషను ఎందుకు విప్పారో ఉంది, విప్పితే ఏం కనబడిందో చాలాచోట్ల లేదు. అందుకే కొత్త రిజిస్టరులో నాలుగు గడులు పెట్టాం: దిగుబడి, షీటు చెప్పిన అవకాశం, చెక్క ఫలితం, విప్పితే కనబడింది. ఏమీ కనబడకపోతే "ఏమీ లేదు" అని రాయడం తప్పనిసరి. మార్చి చివర్లో ఆ రిజిస్టరు చూసి పదింట ఒకటిని మారుస్తాను. యజమాని తమ్ముడు నడిపే రెండో మిల్లు ఎక్స్‌పెల్లర్ కొత్తది, దానికి ఇదే కాగితం అంటించమన్నారు. ముందు అక్కడ డిప్ ఎప్పుడు తీస్తున్నారో చూడ్డానికి సోమవారం పోతున్నాను.